భారీ ఆర్డర్లు, ప్రచార ఫలితాలు: మధ్యగతం, కత్తిరింపు సగటుల చరిత్ర

అమ్మకాల ప్రచారం ముగిశాక వ్యాపారి మొదట చూసే అంకె ‘సగటు ఆర్డరు విలువ’. వచ్చిన మొత్తం డబ్బును ఆర్డర్ల సంఖ్యతో భాగిస్తే అది తేలుతుంది. కొనుగోలుదారులందరూ దాదాపు ఒకే స్థాయిలో ఖర్చు పెట్టినంత కాలం దీనితో పేచీ లేదు. వందల రూపాయల ఆర్డర్ల నడుమ వేల రూపాయల ఆర్డరు ఒక్కటి పడితే మాత్రం సగటు దాని వైపు లాగబడుతుంది, ఓడిన ప్రకటన గెలిచినట్టు కనిపిస్తుంది. ఈ చిక్కును తప్పించడానికి గణాంక శాస్త్రం ఇచ్చిన పాత సాధనాలు రెండు. ఒకటి మధ్యగతం: విలువలను వరుసలో పేర్చి నడిమి దాన్ని తీసుకోవడం. రెండోది కత్తిరింపు సగటు: రెండు చివరల నుంచీ కొన్ని విలువలను తీసేసి, మిగిలిన వాటికి సగటు కట్టడం. రెండూ ప్రకటనల రంగానికి చాలా ఆలస్యంగా చేరాయి. వాటి పాత కథలు పొలాల్లో, తూనికల గదుల్లో, పశు ప్రదర్శనలో దొరుకుతాయి.

కత్తిరింపు సగటు ప్రస్తావన 1821లో గెర్గోన్ నడిపిన ఫ్రెంచి గణిత పత్రికలో కనిపిస్తుంది. రచయిత పేరు లేకుండా అచ్చయిన ఆ వ్యాసం ఫ్రాన్సులోని కొన్ని ప్రాంతాల ఆచారాన్ని వివరించింది. ఒక భూమి సగటు రాబడి తేల్చాలంటే అక్కడ వరుసగా 20 ఏళ్ల దిగుబడులు చూసేవారు. అన్నిటికంటే పండిన ఏడాదినీ, అన్నిటికంటే ఎండిన ఏడాదినీ పక్కన పెట్టి, మిగతా 18 ఏళ్ల మొత్తాన్ని 18తో భాగించేవారు. గణితజ్ఞులు సిద్ధాంతం కట్టక ముందే రైతులు, భూస్వాములు ఆ లెక్క వాడుతున్నారన్నమాట. భూమి ధర కట్టేటప్పుడు ఒక్క బంగారు పంట ఏడాదిని నమ్మి డబ్బు పోగొట్టుకోవడం ఎవరికీ ఇష్టం లేదు. 1895లో రష్యా రసాయన శాస్త్రవేత్త మెండెలీవ్ కూడా తూనికల పనిలో ఇలాంటి దారే పట్టాడు. కొలతలను మూడు సమాన గుంపులుగా విడదీసి, నడిమి గుంపు సగటును రెండు అంచుల గుంపుల సగటుతో పోల్చి చూశాడు.

మధ్యగతానికి పేరు తెచ్చిన ఘట్టం 1907 నాటిది. ఇంగ్లండులోని ప్లిమత్ పశు ప్రదర్శనలో ఒక ఎద్దును చూపించి, కోసి శుభ్రం చేశాక మాంసం ఎంత తూగుతుందో చెప్పమని పందెం పెట్టారు. ఆరు పెన్నీల టికెట్టు కొని జనం అంచనాలు రాశారు. చదవగలిగిన 787 టికెట్లను ఫ్రాన్సిస్ గాల్టన్ సంపాదించి ‘నేచర్’ పత్రికలో విశ్లేషించాడు. మధ్యగతం 1207 పౌండ్లు వచ్చింది, అసలు తూకం 1198. సగటు కడితే పిచ్చి అంచనా రాసినవాడికి వాడి పిచ్చి ఎంత పెద్దదైతే అంత పలుకుబడి దక్కుతుందనీ, మధ్యగతంలో ఒకరికి ఒకే ఓటు ఉంటుందనీ గాల్టన్ వాదన. ఒక పాఠకుడు సగటు సంగతి అడిగితే లెక్క కట్టి 1197 అని చెప్పాడు. ఆ పందెంలో సగటే తూకానికి దగ్గరగా నిలిచింది. జనం అంచనాలు అటూ ఇటూ సమానంగా తప్పినప్పుడు సగటు బాగానే పనిచేస్తుందనడానికి అది సాక్ష్యం.

ఆర్డర్ల విలువలు అలా ఉండవు. కింద సున్నా అనే నేల ఉంది, పైన కప్పు లేదు. అందుకే వ్యాపారంలో గాల్టన్ వాదనకు ఎక్కువ బలం ఉంది. ఊహించుకున్న ఒక చిన్న లెక్కలో ఇది తేటగా తెలుస్తుంది. ఒక ఆన్‌లైన్ చీరల దుకాణం రెండు రకాల సందేశాలను చెరి వెయ్యి మందికి పంపిందనుకుందాం. ఒక్కో సందేశానికి పది ఆర్డర్లు వచ్చాయి. మొదటి దానికి వచ్చిన ఆర్డర్లు రూపాయల్లో 400, 500, 600, 650, 700, 750, 800, 900, 1200, 43,500. రెండో దానికి వచ్చినవి 500, 650, 700, 800, 850, 950, 1000, 1100, 1350, 1600.

సగటు చూస్తే మొదటి సందేశానికి 5,000, రెండో దానికి 950. మొదటిది అయిదు రెట్లకు పైగా మేలనిపిస్తుంది. మధ్యగతం చూస్తే మొదటిది 725, రెండోది 900. ప్రతి వైపు ఒక్కో ఆర్డరును తీసేసి మిగిలిన ఎనిమిదికి సగటు కడితే మొదటిది 762.50, రెండోది 925. తీర్పు తిరగబడింది. వరుసలను పక్కపక్కన పెట్టి చూసినా అదే కనబడుతుంది: చివరి ఒక్క ఆర్డరు మినహా ప్రతి స్థానంలోనూ రెండో సందేశం ఆర్డరే పెద్దది. ఆ 43,500 ఆర్డరు ఎవరో పెళ్లి పెట్టుబడి చీరలన్నీ ఒకేసారి కొన్నదో, తిరిగి అమ్ముకునే చిల్లర వ్యాపారిదో కావచ్చు. అది మొదటి సందేశం పంపిన జాబితాలో ఉండడం యాదృచ్ఛికం. రేపు మళ్లీ పంపితే అలాంటి కొనుగోలుదారు ఏ జాబితాలో పడతాడో ఎవరూ చెప్పలేరు.

ఈ తిరగబాటును పట్టుకోవడానికి విశ్లేషకులు చేసే పరీక్ష చాలా తేలిక. పెద్ద ఆర్డరును ఒక్కదాన్ని తీసి మళ్లీ లెక్క కడతారు. విజేత మారితే ఫలితం నిలబడింది ఆ ఒక్క బిల్లు మీదే. తర్వాత ఆ బిల్లునే తెరిచి చూడాలి. దాని మీద కొనుగోలుదారు జీఎస్టీ నంబరు ఉంటే కొన్నది వ్యాపార సంస్థ కావచ్చు. పరిమాణం గడిలో ఒక సున్నా ఎక్కువ పడి ఉండవచ్చు. ఆర్డరు తర్వాత రద్దయి ఉండవచ్చు.

ఇరవయ్యో శతాబ్దపు నడుమ ఈ అలవాట్లకు సిద్ధాంతం వచ్చింది. ప్రిన్స్‌టన్ గణాంకవేత్త జాన్ టుకీ 1960లో రాసిన వ్యాసంలో, కొలతల్లో కొద్దిపాటి కల్తీ చేరినా పాత పద్ధతుల ఆధిక్యం పోతుందని చూపించాడు. జీవగణాంక శాస్త్రవేత్త చార్లెస్ విన్సర్ పేరిట మరో పద్ధతిని ప్రచారంలోకి తెచ్చిందీ టుకీయే. అందులో అంచు విలువలను తీసెయ్యరు, పక్కనున్న విలువ దగ్గరికి దించుతారు లేదా ఎత్తుతారు. చీరల లెక్కలో 43,500ను 1200గా, 400ను 500గా మారిస్తే మొదటి సందేశం సగటు 780. రెండో దానికి అదే చేస్తే 940. కొనుగోలుదారు లెక్కలో ఉంటాడు, అతని బరువు మాత్రం తగ్గుతుంది.

కత్తిరించాక మిగిలిన విలువలకు మామూలు ప్రామాణిక దోషం కట్టకూడదన్నది ఇక్కడ చాలామంది మరిచే సంగతి. అంచులు కోసేసిన డేటా ఉన్నదానికంటే నిలకడగా కనబడుతుంది, లేని నమ్మకాన్ని ఇస్తుంది. టుకీ, మెక్‌లాగ్లిన్ 1963లో దీనికి సరైన సూత్రం ఇచ్చారు. కత్తిరింపు సగటులతో రెండు గుంపులను పోల్చే పరీక్షను గణాంకవేత్త యూన్ 1974లో రూపొందించింది.

ప్రకటనల విషయానికొస్తే, చిక్కు ఎంత పెద్దదో ఇంటర్నెట్ కాలంలోనే అంకెల్లో తేలింది. రాండల్ లూయిస్, జస్టిన్ రావు 2015లో ప్రచురించిన పరిశోధన పెద్ద రిటైల్, ఆర్థిక సేవల సంస్థల 25 ప్రకటన ప్రయోగాలను పరిశీలించింది. ఒక్కో వినియోగదారుడి కొనుగోళ్లలోని వ్యత్యాసం, అంటే ప్రామాణిక విచలనం, సగటుకు పది రెట్ల దాకా ఉండడం అక్కడ మామూలు. అంత హెచ్చుతగ్గుల మధ్య ప్రకటన తెచ్చే కొద్దిపాటి పెరుగుదల లక్షల మందిని చూసినా సరిగా కనిపించదు.

అమెజాన్‌లోనూ ఇదే ఎదురైందని అక్కడ ప్రయోగాలు నడిపిన రాన్ కోహావి రాశాడు. వ్యక్తుల ఖాతాలనుకున్న వాటిలో కొన్ని నిజానికి గ్రంథాలయాల ఖాతాలు. అవి ఒకేసారి భారీగా పుస్తకాలు కొనేవి, ఏ గుంపులో పడితే ఆ గుంపు ఫలితాన్ని వంకర చేసేవి. తర్వాత మైక్రోసాఫ్ట్ బింగ్‌లో ఒక్కో వినియోగదారుడి రాబడికి వారానికి 10 డాలర్ల గరిష్ఠ పరిమితి పెట్టి లెక్కించి చూశారు. ప్రయోగానికి కావలసిన కనీస వినియోగదారుల సంఖ్య సుమారు 1,14,000 నుంచి 10,000కు పడిపోయింది. 2014లో వెలువడిన ఈ ఫలితం ఆ రంగంలో పనిచేసేవారికి బాగా తెలిసినదే. ఇది విన్సర్ పద్ధతికి దగ్గరి చుట్టం, తేడా ఏమిటంటే పరిమితిని ముందే డాలర్లలో నిర్ణయిస్తారు.

ఇలాంటి చోట మధ్యగతాన్ని కాక పరిమితిని ఎంచుకోవడానికి బలమైన కారణం ఉంది. చీరల లెక్కలో ఒక్కో సందేశం అందుకున్న వెయ్యి మందిలో కొన్నది పదిమందే. మిగతా 990 మంది ఖర్చు సున్నా. అందరినీ కలిపి మధ్యగతం తీస్తే రెండు సందేశాలకూ సున్నాయే వస్తుంది. ప్రతి వైపు పది శాతం కత్తిరిస్తే పైనుంచి వందమంది పోతారు, అంటే కొన్న పదిమందీ తుడిచిపెట్టుకుపోతారు. కాబట్టి మధ్యగతమూ కత్తిరింపూ కొన్నవారి మధ్యనే వాడాలి. ఎంతమంది కొన్నారన్నది వేరే వరుసలో చూపాలి. అందుకున్నవారందరి మీదా లెక్క కావాలంటే పరిమితి పద్ధతే దారి.

కొన్నవారి మధ్య వాడినా మరో గుంట ఉంది. రెండో సందేశం కొత్తగా ఆరుగురిని ఆకర్షించి, వారు తలా 300 రూపాయల సరుకు కొన్నారనుకుందాం. దుకాణానికి 1,800 రూపాయలు అదనంగా వచ్చాయి, మధ్యగతం మాత్రం 900 నుంచి 675కు దిగిపోయింది. కొత్త కొనుగోలుదారులను తెచ్చిన సందేశం మధ్యగతంలో శిక్ష అనుభవిస్తుంది. మధ్యగతాన్ని ఆర్డర్ల సంఖ్య పక్కన పెట్టకుండా ఒంటరిగా చూపే నివేదిక అందుకే నమ్మదగింది కాదు.

స్ప్రెడ్‌షీట్లు వచ్చాక ఈ లెక్కలు ఎవరైనా చేయగలిగేంత సులువయ్యాయి. ఎక్సెల్‌లో మొదటి సందేశపు పది ఆర్డర్లు B2 నుంచి B11 వరకు ఉంటే ఇలా రాస్తారు:

```
=MEDIAN(B2:B11)
=TRIMMEAN(B2:B11, 0.2)
```

ఇక్కడ 0.2 అంటే రెండు వైపులా కలిపి 20 శాతం, అంటే వైపుకు ఒక్కో ఆర్డరు. ఆర్ భాషలో అదే ఫలితానికి `mean(x, trim = 0.1)` అని రాయాలి, ఎందుకంటే అందులో ఇచ్చే అంకె ఒక్కో వైపుకు వర్తిస్తుంది. ఒకే కంపెనీలో ఇద్దరు ఉద్యోగులు ఒకే డేటా మీద వేర్వేరు జవాబులు తెచ్చారంటే ముందుగా వెతకాల్సిన కారణం ఇదే. ఎంత కత్తిరించాలి, ఎక్కడ పరిమితి పెట్టాలి అన్నది ప్రచారం మొదలవకముందే రాసి పెట్టుకుని, రెండు గుంపులకూ ఒకే నియమం వర్తింపజేస్తారు. ఫలితం చూశాక శాతాలు మార్చుకుంటూ పోతే కావలసిన విజేతను ఎంచుకోవచ్చు.

కత్తిరించిన ఆర్డరు తాలూకు డబ్బు నిజమైన డబ్బే. జీతాలకూ, సరుకు కొనుగోలుకూ, పన్నుకూ పనికొచ్చేది మొత్తం రాబడి ఒక్కటే, మధ్యగతాన్ని ఆర్డర్ల సంఖ్యతో గుణిస్తే అది రాదు. టోకు కొనుగోలుదారుల మీదే బతికే వ్యాపారాల్లో పెద్ద ఆర్డర్లను కోసేస్తే వ్యాపారమే లెక్కలోంచి పోతుంది. అలాంటి చోట టోకు ఖాతాలను విడిగా ఒక పట్టికలో పెట్టి, చిల్లర కొనుగోలుదారులకు మాత్రమే కత్తిరింపు సగటు వాడడం సరైన పద్ధతి.