సగం లెక్కలో తప్పు

నిఘంటువులో మాట కోసం నేను మధ్యకి తెరిచి, అక్కర్లేని సగం వదిలేస్తాను. వరుసలో పేర్చిన జాబితాలో బైనరీ సెర్చ్ చేసేదీ అదే. 1986లో జాన్ బెంట్లీ ‘ప్రోగ్రామింగ్ పెర్ల్స్’లో అది సరైనదేనని నిరూపించి మరీ చూపించాడు. అయినా ఒక తప్పు మిగిలింది. అదే తప్పు తను రాసిన జావా లైబ్రరీ కోడ్‌లోనూ ఏళ్ల తరబడి ఉందని 2006లో జాషువా బ్లాక్ తనే చెప్పాడు.

మధ్యస్థానం కోసం వాళ్లు వాడింది `(low + high) / 2`. 32 బిట్ల పూర్ణాంకంలో పట్టేది 2147483647 వరకే. `low` 150 కోట్లు, `high` 160 కోట్లు అనుకోండి. మొత్తం 310 కోట్లు పట్టక -1194967296 అయిపోతుంది. దాని సగమూ మైనస్సే. జాబితాలో ఆ స్థానమే లేదు, ప్రోగ్రాం ఆగిపోతుంది. చిన్న జాబితాల్లో ఇది ఎప్పటికీ బయటపడదు.

```
mid = low + (high - low) / 2
```

ఇలా రాస్తే 155 కోట్లే వస్తుంది. నిరూపణలో అంకెలకి హద్దు లేదు. యంత్రంలో ఉంది.