ఫిబ్రవరి 14: హతసాక్షి సమాధి నుండి చాక్లెట్ దుకాణం దాకా

ఫిబ్రవరి నెల వచ్చిందంటే మన యౌవనస్థులు తప్పక అడిగే ప్రశ్న ఒకటుంది. వాలెంటైన్ అనే ఆయన హతసాక్షి కదా, ఆయన పేరు ప్రేమికుల రోజుకు ఎలా వచ్చింది? చరిత్ర దీనికి ఏమి జవాబు చెబుతుందో నిదానంగా చూద్దాము.

క్లౌదియు చక్రవర్తి సైనికులకు పెండ్లిళ్లు నిషేధించాడనీ, వాలెంటైన్ రహస్యంగా పెండ్లిళ్లు జరిపించి ప్రాణం పోగొట్టుకున్నాడనీ మనం తరచుగా వింటుంటాము. అయితే ఆ కాలపు రాతలలో ఎక్కడా ఈ సంగతి లేదు. ఇది ఎంతో తరువాత పుట్టిన కథ. పాత జాబితాలలో ఈ పేరుతో రోమాలో ఒక యాజకుడు, తెర్నిలో ఒక బిషప్ కనబడతారు. వాళ్లిద్దరూ ఒక్కరే అయి ఉండవచ్చు. రోమా నుండి ఉత్తరానికి పోయే ఫ్లమీనియా రహదారి పక్కన ఆయన సమాధి ఉండేదనీ, ఫిబ్రవరి 14 ఆయన జ్ఞాపక దినమనీ తప్ప గట్టిగా తెలిసింది లేదు. అందుకే 1969లో రోమన్ కథోలిక సంఘం తన సార్వత్రిక పండుగల పట్టికలో నుండి ఈ దినాన్ని తీసివేసింది.

మరి ప్రేమ ఎక్కడ చేరింది? ఇంగ్లాండులో. 1380ల ప్రాంతంలో చాసర్ అనే కవి, వాలెంటైన్ దినాన పక్షులన్నీ కూడి జతలను ఎంచుకుంటాయని ఒక కావ్యంలో రాశాడు. ఈ దినాన్ని ప్రేమతో ముడిపెట్టిన రాతలలో మనకు దొరికే తొలివాటిలో అది ఒకటి. ఆ మాట రాజసభలలోకీ, అక్కడినుండి ఇండ్లలోకీ పాకింది.

ఇండ్లలోకి ఎలా వచ్చిందో ఒక ఉత్తరం చూపిస్తుంది. 1477 ఫిబ్రవరిలో నార్ఫోక్ ప్రాంతపు మార్జరీ బ్రూస్ అనే యువతి, తనకు మాట నడుస్తున్న జాన్ పాస్టన్‌కు 'నా వాలెంటైన్' అని సంబోధిస్తూ రాయించింది. ఆ ఉత్తరంలో ప్రేమ ఉంది, దానికంటే ఎక్కువగా కట్నం గొడవ ఉంది! ఆమె తండ్రి ఇస్తానన్న సొమ్ము వరుని వారికి చాలలేదు. తల్లి ఎంత బతిమాలినా తండ్రి పెంచలేదు. ఆ సొమ్ముతోనే నన్ను చేసుకుంటే నాకంటే సంతోషించేది ఎవరూ ఉండరు, చాలదనుకుంటే ఇక ఈ సంగతి ఎత్తవద్దు అన్నది ఆమె మాటల సారాంశం. చివరకు అదే ఏట ఆ పెండ్లి జరిగింది. కట్నం బేరాలు చూసిన మన ఊళ్లవాళ్లకు ఆమె బాధ కొత్తగా అనిపించదు.

ఇక వ్యాపారం సంగతి. 1840కి ముందు బ్రిటన్‌లో ఉత్తరం ఖర్చు దూరాన్నిబట్టి పెరిగేది, చాలాసార్లు అందుకున్నవాడే చెల్లించేవాడు. ఆ ఏడు దేశమంతటికీ ఒక పెన్నీ తపాలా వచ్చింది. పేదవాడు కూడా కార్డు పంపగలిగాడు, కార్డుల అమ్మకం ఉప్పొంగింది. అమెరికాలో వూస్టర్ పట్టణపు ఎస్తేర్ హౌలాండ్ తండ్రికి కాగితం, పుస్తకాల దుకాణం ఉండేది. 1840ల చివర ఆమెకు ఇంగ్లాండు నుండి వచ్చిన ఒక అందమైన కార్డు కంటబడింది. తానే కొన్ని నమూనాలు చేసి, అమ్మకాలకు తిరిగే అన్న చేతికిచ్చింది. రెండు వందల డాలర్ల బేరం వస్తే చాలనుకుంటే ఐదు వేలకు మించి వచ్చిందని చెబుతారు. దానితో స్నేహితురాండ్రను కూర్చోబెట్టి పని పంచింది. ఒకరు బొమ్మలు కత్తిరిస్తే, ఒకరు లేసు కాగితం పరిస్తే, మరొకరు అంటించేవారు.

తరువాత ఇతర దేశాల వ్యాపారులు ఈ పండుగను తమ అవసరానికి తగినట్టు మలచుకున్నారు. జపానులో మిఠాయి కంపెనీలు దీనిని స్త్రీలు పురుషులకు చాక్లెట్ ఇచ్చే రోజుగా మార్చాయి. తోటి ఉద్యోగులకు మర్యాదకోసం ఇచ్చేదానికి 'గిరి చాక్లెట్' అని వేరే పేరుంది, అంటే బాధ్యత కొద్దీ ఇచ్చేదని. 1980 ప్రాంతంలో అదే వ్యాపారులు మార్చి 14ను పురుషులు బదులిచ్చే దినంగా నిలబెట్టారు. బ్రెజిల్‌లో ఫిబ్రవరి కార్నివాల్ కాలం. జూన్‌లోనేమో దుకాణాలు వెలవెలబోయేవి. అందుకని 1940ల చివర ఒక ప్రకటనకర్త జూన్ 12ను ప్రేమికుల దినంగా ప్రచారం చేశాడు. పెండ్లి సంబంధాలు కుదిర్చేవాడని అక్కడివారు తలచే పరిశుద్ధ అంతోనీ పండుగ ఆ మరునాడే. చైనాలో మాత్రం ఏడవ చాంద్రమాసం ఏడవ నాటి పాత పండుగ, నేతగత్తె, పశులకాపరి ఏడాదికొకసారి కలిసే కథమీద నిలిచింది. ఇప్పుడు దానిచుట్టూ కూడా అంగళ్లు వెలిశాయి.

కాబట్టి మన యౌవనస్థులు అడిగినప్పుడు ఈ మూడింటినీ విడివిడిగా చెబుదాము. హతసాక్షి పేరు పాతది. ఆ పేరుకు ప్రేమ తోడై ఆరు వందల ఏండ్లకు పైన అయింది. కానుక కొనకపోతే ప్రేమే లేదన్న ఒత్తిడి మాత్రం అంగడివాళ్లు పెంచినది. చేతిలో డబ్బులేని పిల్లవాడు ఆ రోజున చిన్నబుచ్చుకోనక్కరలేదు. మార్జరీ పంపింది కూడా ఒక కాగితం ముక్కే.