జాబితాలో లేని కుక్కలు

2024 మార్చి 12న కేంద్ర పశుసంవర్ధక శాఖ అన్ని రాష్ట్రాలకూ ఒక ఉత్తరం పంపింది. ఇరవైకి పైగా జాతుల కుక్కల అమ్మకానికి, పెంపకానికి లైసెన్సులు ఇవ్వొద్దని, ఇప్పటికే ఇళ్లలో ఉన్నవాటికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాలని దాని సారాంశం. పిట్‌బుల్, రాట్‌వైలర్, డోగో అర్జెంటీనో, కేన్ కోర్సో వగైరా పేర్లున్న ఆ జాబితా చదివితే తొందరలో రాసిందని ఇట్టే తెలిసిపోతుంది. టోసా ఇను అని ఒకచోట, జపనీస్ టోసా అని ఇంకోచోట ఒకే కుక్క రెండుసార్లు వచ్చింది. ‘టెర్రియర్లు’ అని గంపగుత్తగా రాశారు కాబట్టి ఒళ్లో కూర్చోబెట్టుకునే యార్క్‌షైర్ టెర్రియర్ కూడా ప్రమాదకర జంతువుల్లో చేరిపోయింది. అల్సేషియన్, డాబర్‌మన్ మాత్రం అందులో లేవు.

ఇప్పుడు ఆ కాగితాన్ని పెద్దతిప్పసముద్రం తెచ్చి చూద్దాం. పీటీఎంలో, చుట్టుపక్కల పల్లెల్లో కరిచే కుక్క ఏది? బస్టాండు దగ్గర, మాంసం కొట్టు ముందు, బడి దారిలో తిరిగే ఊరకుక్క. లేదంటే గొర్రెల మంద వెంట నడిచే నాటుకుక్క. మదనపల్లె, పుంగనూరు, కుప్పం లాంటి పట్టణాల్లోనూ, తోట కాపలాకు బెంగళూరు నుంచి రాట్‌వైలర్ పిల్లను తెచ్చుకునే ఆసామి ఎక్కడో ఒకరుంటారు గానీ, కాటుకు సూది వేయించుకోవడానికి ఆసుపత్రికి వచ్చేవాళ్లను కరిచింది ఎక్కువగా ఊరకుక్కే. నిషేధం పని చేస్తుందా అన్న ప్రశ్న మన దగ్గర మొదలవ్వాల్సింది ఇక్కడ. కానీ ఆ ఆలోచన పుట్టింది వేరే చోట, ఊరకుక్కలు దాదాపు లేని దేశాల్లో.

బ్రిటన్‌లో 1991లో పిట్‌బుల్ దాడుల మీద పత్రికల్లో గగ్గోలు రేగింది. హోం మంత్రి కెన్నెత్ బేకర్ ఆదరాబాదరాగా ప్రమాదకర కుక్కల చట్టం తెచ్చారు. పిట్‌బుల్, జపనీస్ టోసా, డోగో అర్జెంటీనో, ఫిలా బ్రసిలేరో అనే నాలుగు రకాలపై నిషేధం పడింది. దాని ఫలితాన్ని మొదట కొలిచినవాళ్లలో స్కాట్లండ్‌లోని ఒక ఆసుపత్రి వైద్యులు ఉన్నారు. చట్టానికి ముందు కొంతకాలం, అమల్లోకి వచ్చిన కొన్నేళ్లకు మళ్లీ కొంతకాలం, అత్యవసర విభాగానికి వచ్చిన కాట్లను లెక్కపెట్టి 1996లో ప్రచురించారు. జంతువుల కాట్లలో కుక్కల వాటా ముందూ తర్వాతా ఇంచుమించు ఒకటే. ఎక్కువ కాట్లు అల్సేషియన్లవి, కలగలుపు కుక్కలవి. నిషేధించిన జాతుల వాటా చట్టానికి ముందే చాలా తక్కువ. తగ్గించడానికి అసలక్కడ పెద్దగా ఏమీ లేదన్నమాట.

తర్వాతి కథ కూడా అలాగే నడిచింది. ఇంగ్లండ్‌లో 1998 నుంచి 2018 దాకా ఆసుపత్రుల్లో చేరిన వాళ్ల లెక్కలు తీస్తే, కుక్కకాటుతో చేరిన పెద్దవాళ్ల రేటు మూడింతలైంది. పిల్లల రేటు పెద్దగా మారలేదు. నిషేధం ఆ కాలమంతా అమల్లోనే ఉంది. ఈలోగా జాబితాలో లేని ఎక్స్ఎల్ బుల్లీ అనే భారీ రకం వ్యాపించింది. చివరికి 2024 ఫిబ్రవరి 1 నుంచి మినహాయింపు పత్రం లేకుండా దాన్ని ఉంచుకోవడం కూడా నేరమైంది. భయపెట్టే కుక్క కావాలనుకునేవాడు ఒక జాతి మూసేస్తే ఇంకో జాతికి మారతాడు. ఆ మనిషి జాబితాలో ఉండడు కదా!

నెదర్లాండ్స్ 1993లో పిట్‌బుల్‌ను నిషేధించి, కాట్లు తగ్గలేదని 2008లో ఆ చట్టాన్ని ఎత్తేయాలని నిర్ణయించింది. డెన్మార్క్ 2010లో పదమూడు జాతులను నిషేధించింది. ఒడెన్సె నగర ఆసుపత్రి రికార్డులను ముందూ వెనకా పోల్చిన పరిశోధకులకు ఇంట్లో జరిగిన కాట్లలో గానీ, వీధిలో జరిగిన కాట్లలో గానీ తేడా కనిపించలేదు.

ఇంతవరకూ చదివి నిషేధం ఉత్త బూటకమని తేల్చేయడం తేలికే. కానీ కెనడాలోని మానిటోబా అధ్యయనాన్ని పక్కన పెట్టడం న్యాయం కాదు. అక్కడి విన్నిపెగ్ నగరం 1990లో పిట్‌బుల్‌ను నిషేధించింది. బ్రాండన్ నగరం నిషేధించలేదు. 2013లో అచ్చయిన పరిశోధన కాట్లన్నిటినీ కాక, ఆసుపత్రిలో చేర్చుకోవాల్సి వచ్చిన గాయాలను మాత్రమే లెక్కలోకి తీసుకుంది. నిషేధించిన ఊళ్లన్నిటినీ కలిపి చూస్తే రేటు లక్ష మందికి ఏడాదికి 3.47 నుంచి 2.84కి దిగింది. అయితే ఆ తగ్గుదల కాకతాళీయం కాదని గట్టిగా చెప్పే స్థాయిలో లేదు. విన్నిపెగ్‌ను బ్రాండన్ పక్కన పెట్టి చూసినప్పుడు మాత్రం నిషేధమున్న నగరానికి మేలు కనిపించింది, ముఖ్యంగా ఇరవై ఏళ్ల లోపు వాళ్లలో.

ఇందులో నాకు కనిపించే తేడా ఏమిటంటే, స్కాట్లండ్ వైద్యులు కొలిచింది కాట్ల సంఖ్యను, మానిటోబా కొలిచింది గాయం తీవ్రతను. పెద్ద దవడ కండ వదలకుండా పట్టుకుంటుంది. అది కరిచిన పిల్లవాడికి, బక్క కుక్క కరిచిన పిల్లవాడికి తగిలే గాయాలు ఒకటి కావు. నిషేధంతో అరుదైన ఘోరాలు కొన్ని తగ్గవచ్చు. కానీ ఎన్ని కుక్కలను తీసేస్తే ఒక్క ఆసుపత్రి చేరిక తప్పుతుంది? అమెరికాలో 2010లో కొందరు పశువైద్య పరిశోధకులు ఈ లెక్క వేస్తే, ఒక జాతికి చెందిన లక్షకు పైగా కుక్కలని తేలింది. పైగా పిట్‌బుల్‌ను చూపుతో గుర్తించడంలో పశువైద్యులే పొరబడుతుంటారు. తల వెడల్పుగా ఉంటే చాలు, కలగలుపు కుక్కకూ ఆ పేరు పడిపోతుంది.

మన దేశంలో ఇరవైకి పైగా జాతుల ఉత్తరం నెల రోజులు కూడా సరిగ్గా బతకలేదు. 2024 ఏప్రిల్ 10న కర్ణాటక హైకోర్టు దాన్ని కొట్టేసింది. కుక్కల సంఘాలతో, నిపుణులతో సంప్రదించలేదన్నది ఒక ప్రధాన కారణం. వారం తిరక్కుండా ఢిల్లీ హైకోర్టులోనూ అదే జరిగింది. ఆ ఏడాది మే నెలలో చెన్నైలోని ఒక పార్కులో రెండు రాట్‌వైలర్లు ఐదేళ్ల పాపను తీవ్రంగా గాయపరిచాక నిషేధం గోల మళ్లీ లేచింది. ఆ కోపం సహజం. కానీ అంతకు ఏడాది ముందు, 2023 ఫిబ్రవరిలో, హైదరాబాద్ అంబర్‌పేటలో నాలుగేళ్ల బాబును చంపింది వీధికుక్కల గుంపు. వాటికి జాతి పేరు లేదు, లైసెన్సు లేదు, యజమాని లేడు. ఏ జాబితా రాసినా వాటికి తగలదు.

వాటికి వర్తించే చట్టం వేరే ఉంది. 2001లో జంతు జనన నియంత్రణ నియమాలు వచ్చాయి, వాటి స్థానంలో 2023లో కొత్తవి వచ్చాయి. ఆ నియమాల ప్రకారం ఊరకుక్కను పట్టి, ఆపరేషన్ చేసి, రేబీస్ టీకా వేసి, పట్టిన చోటే వదలాలి. మునిసిపాలిటీలో ఇది అరకొరగానైనా జరుగుతుంది. మండల కేంద్రంలో కుక్కలు పట్టే బండి ఎక్కడ, ఆపరేషన్ చేసే డాక్టరు ఎక్కడ? పైగా ఎక్కువ భాగం ఆడకుక్కలకు ఆపరేషన్ కాకపోతే, మిగిలినవి ఈనిన పిల్లలతో సంఖ్య మళ్లీ మొదటికి వస్తుంది.

ఐసీఎంఆర్ పరిశోధకులు 2022–23లో దేశమంతా ఇల్లిల్లూ తిరిగి చేసిన సర్వేలో ఏడాదికి సుమారు 91 లక్షల జంతు కాట్లు ఉంటాయని, వాటిలో నాలుగింట మూడు కుక్కలవేనని అంచనా వేశారు. కరిపించుకున్న వాళ్లలో దాదాపు ఐదుగురిలో ఒకరు టీకా అసలు వేయించుకోలేదట. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదుల కాలం పోయి ఇరవై ఏళ్లయినా ఆ భయం ఇంకా కొందరిలో ఉంది. ఇప్పుడు ప్రభుత్వాసుపత్రిలో వేసేది చేతి చర్మంలోకి చిన్న మోతాదు: మొదటి రోజు, తర్వాత మూడో రోజు, ఏడో రోజు, ఇరవై ఎనిమిదో రోజు. అంతకు ముందు పావుగంట సేపు సబ్బుతో కుళాయి కింద గాయం కడగాలి. రాట్‌వైలర్ కరిచినా, ఊరకుక్క కరిచినా ఇదే.

ఒకవేళ రేపు మళ్లీ నిషేధం వచ్చి, ఐదేళ్ల తర్వాత పీటీఎంలోనో కుప్పంలోనో కాట్లు తగ్గాయా అని ఎవరైనా అడిగితే జవాబు చెప్పే దారి లేదు. ఆసుపత్రుల నుంచి పైకి వెళ్లే వారపు లెక్కల్లో ‘కుక్కకాటు’ అని ఒక్క అంకే ఉంటుంది. ఏ రకం కుక్క, పెంచినదా వీధిదా, గాయం ఎంత లోతు అన్నవి ఆ అంకెలో కలిసిపోతాయి. స్కాట్లండ్ వైద్యులు చట్టానికి ముందే కాట్లను జాతుల వారీగా రాసుకుని ఉన్నారు కాబట్టే, అది పని చేయలేదని చెప్పగలిగారు.