నిలుపుదల సొమ్ము విడుదల దరఖాస్తు

నిర్మాణ కాంట్రాక్టరు బిల్లుల్లోంచి యజమాని కొంత శాతం పట్టి ఉంచుకునే మొత్తం నిలుపుదల సొమ్ము. పని పూర్తయ్యాక లోపాలు బయటపడితే కాంట్రాక్టరు వచ్చి సరిచేస్తాడనే పూచీ కోసం దాన్ని ఉంచుతారు. ఆ పూచీ నడిచే గడువు లోప బాధ్యత కాలం. గడువు ముగిశాక సొమ్ము తిరిగి ఇమ్మని కాంట్రాక్టరు రాసే ఉత్తరమే విడుదల దరఖాస్తు. తెలుగు రాష్ట్రాల ఇంజినీరింగ్ శాఖల్లో బిల్లుల్లోంచి పట్టే ఈ మొత్తాన్ని ఎఫ్‌ఎస్‌డీ అంటారు. కేంద్ర ప్రజా పనుల శాఖ, అంటే సీపీడబ్ల్యూడీ, దీన్ని సెక్యూరిటీ డిపాజిట్ అంటుంది. రాష్ట్రాన్ని బట్టి, శాఖను బట్టి శాతాలూ గడువులూ మారతాయి. అందుకే ఈ వ్యాసం సీపీడబ్ల్యూడీ ఒప్పందాన్నే ఆధారంగా తీసుకుంటుంది.

ఆ శాఖ సాధారణ షరతుల్లోని 1ఏ క్లాజు ప్రకారం ప్రతి రన్నింగ్ బిల్లులోంచీ, ఫైనల్ బిల్లులోంచీ 2.5 శాతం పడతారు. ఒప్పందం కుదిరినప్పుడు ఇచ్చే పెర్ఫార్మెన్స్ గ్యారంటీ వేరు. మామూలు భవన పనుల్లో అది పని పూర్తయినట్టు సర్టిఫికెట్ నమోదు కాగానే తిరిగి వస్తుంది. సెక్యూరిటీ డిపాజిట్ అలా రాదు. 17వ క్లాజు ప్రకారం పూర్తయినట్టు సర్టిఫికెట్ ఇచ్చాక 12 నెలలు గడవాలి, ఫైనల్ బిల్లు కూడా పాసవాలి. ఈ రెండింట్లో ఏది ఆలస్యమైతే అప్పటిదాకా సొమ్ము ఆగుతుంది. ప్రత్యేక షరతుల్లో గడువు ఇంతకంటే ఎక్కువ ఉంటే అదే చెల్లుతుంది.

దరఖాస్తులు తిరిగి రావడానికి తరచూ కారణమయ్యేది తేదీ. తాళాలు అప్పగించిన రోజునుంచో, భవనంలోకి మనుషులు దిగిన రోజునుంచో కాంట్రాక్టరు లెక్క వేసుకుంటాడు. కార్యాలయం మాత్రం సర్టిఫికెట్‌లో పని పూర్తయిందని నమోదైన తేదీని చూస్తుంది. ఫైనల్ బిల్లు ఇంకా కొలతల దగ్గరే ఆగి ఉంటే, ఏడాది నిండినా డిపాజిట్ ఇవ్వాల్సిన సమయం వచ్చినట్టు కాదు. అలాంటి స్థితిలో ముందు అడగాల్సింది బిల్లు పాస్ చేయమని. డిపాజిట్ విడుదల ఆ తర్వాతి మాట.

ఒక ఊహాజనిత ఉదాహరణ చూద్దాం. 80 లక్షల రూపాయల సిబ్బంది క్వార్టర్స్ పని. పట్టిన డిపాజిట్ 2 లక్షలు. పని 2022 జూన్ 15న పూర్తయినట్టు నమోదైంది కాబట్టి బాధ్యత కాలం 2023 జూన్ 14తో ముగిసింది. ఫైనల్ బిల్లు మాత్రం ఆ ఏడాది ఆగస్టు 10న పాసైంది. సొమ్ము అడగదగిన రోజు ఆగస్టు 10, జూన్ 14 కాదు.

గడువు నడుస్తుండగా, 2023 మార్చిలో, రెండు బాత్‌రూముల్లో నీరు దిగుతోందనీ, నాలుగు తలుపుల చట్రాలు వంగాయనీ ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు నోటీసు ఇచ్చాడు. కాంట్రాక్టరు బాత్‌రూములు బాగుచేసి తలుపులు వదిలేశాడు. శాఖ వేరే మేస్త్రీల చేత వాటిని సరిచేయించింది. ఖర్చు 18 వేలు. 17వ క్లాజు కింద ఆ ఖర్చును డిపాజిట్‌లోంచి మినహాయించుకునే హక్కు శాఖకు ఉంది. చేతికి రావాల్సింది 1,82,000 రూపాయలు. ఈ సంగతి దాచి పూర్తి 2 లక్షలు అడిగితే ఫైలు డివిజన్ అకౌంటెంటు దగ్గర ప్రశ్నతో వెనక్కి వస్తుంది. మినహాయింపును తానే చూపి, ఖర్చు వోచరు నకలు ఇమ్మని అడిగే కాంట్రాక్టరు ఫైలే ముందు కదులుతుంది. మొత్తం ఎక్కువనిపిస్తే అభ్యంతరం చెప్పడానికీ ఆ నకలే ఆధారం.

అదే చట్రాల సంగతి 2023 సెప్టెంబరులో మొదటిసారి బయటపడి ఉంటే పరిస్థితి వేరు. గడువులోగా నోటీసు లేదు కాబట్టి ఈ క్లాజు కింద డిపాజిట్‌ను ఆపడానికి ఆధారం బలహీనం. దాచిపెట్టిన నాసిరకం పని బయటపడితే శాఖ ఒప్పంద చట్టం కింద నష్టపరిహారం కోరవచ్చు, అది వేరే వ్యాజ్యం. ‘ఎందుకైనా మంచిది, ఇంకో వానాకాలం చూద్దాం’ అని ఫైలు పక్కన పెట్టడం కార్యాలయాల్లో కనిపించే అలవాటే కానీ, దానికి ఒప్పందంలో చోటు లేదు.

ఈ లెక్కలోకి రాని మరో మొత్తం టెర్రస్ వాటర్‌ప్రూఫింగ్‌ది. ఈ ఐటెంకు పదేళ్ల గ్యారంటీ బాండు రాయించుకుని, ఐటెం విలువలో 10 శాతాన్ని విడిగా పట్టి ఉంచే షరతు సీపీడబ్ల్యూడీ పనుల్లో సాధారణం. మన ఉదాహరణలో ఆ ఐటెం 3 లక్షలైతే 30 వేలు డిపాజిట్‌తో పాటు రావు. తగిన బ్యాంకు గ్యారంటీ ఇస్తే మాత్రం ముందే తీసుకోవచ్చు. దరఖాస్తులో దీన్ని డిపాజిట్‌తో కలిపి అడిగితే రెండూ ఆగే ప్రమాదం ఉంది. విడివిడిగా రాయాలి.

మరో అడ్డంకి 45వ క్లాజు. లేబర్ ఆఫీసరు నుంచి క్లియరెన్స్ సర్టిఫికెట్ వచ్చేదాకా డిపాజిట్ ఇవ్వకూడదు. కూలీల బకాయిలు ఎగవేసి వెళ్లిపోయే కాంట్రాక్టరును పట్టుకోవడానికి పెట్టిన షరతు ఇది. పని దాదాపు పూర్తయ్యే దశలోనే కాంట్రాక్టరు లేబర్ ఆఫీసరుకు రాసి, ఇంజినీరుకు తెలియజేయాలి. పని పూర్తయిన తేదీ నుంచి ఆరు నెలల దాకా ఆ అధికారి నుంచి జవాబు రాకపోతే సర్టిఫికెట్ వచ్చినట్టే భావించాలని అదే క్లాజు చెబుతుంది. మొదట రాసిన ఉత్తరానికి రసీదు లేనివాడికి ఈ వెసులుబాటు నిరూపించుకోవడం కష్టం.

దరఖాస్తు ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు పేర పోతుంది. ఒప్పందం నంబరు, పని పూర్తయిన తేదీ, ఫైనల్ బిల్లు పాసైన తేదీ, ఏ బిల్లులోంచి ఎంత పట్టారో చూపే పట్టిక అందులో ఉండాలి. నోటీసులో చెప్పిన లోపాలు సరిచేసినట్టు జూనియర్ ఇంజినీరు సంతకం చేసిన కాగితమూ జతచేయాలి. అకౌంటెంటు డిపాజిట్ రిజిస్టరులో అసలు జమను వెతికి, ఆ పద్దు పక్కనే చెల్లింపు నమోదు చేస్తాడు. ఒకే సొమ్ము రెండుసార్లు పోకుండా చూసేది ఆ నమోదే. డిపాజిట్ 5 లక్షలకు చేరాక కాంట్రాక్టరు బ్యాంకు గ్యారంటీ పెట్టి నగదు ముందే తీసుకుని ఉంటే, అడగాల్సింది గ్యారంటీ అసలు పత్రాన్ని.

పోలిక కోసం చూస్తే, అంతర్జాతీయ కాంట్రాక్టుల్లో వాడే ఫిడిక్ 1999 షరతుల్లో సొమ్ము రెండు విడతల్లో వస్తుంది. సగం పని స్వాధీనపరచుకున్నప్పుడు, మిగతా సగం లోపాల గడువు తీరాక. చేయాల్సిన మరమ్మతు మిగిలి ఉంటే ఇంజినీరు దాని అంచనా ఖర్చు మేరకే ఆపగలడు, మొత్తాన్ని కాదు.

మళ్లీ సీపీడబ్ల్యూడీ డిపాజిట్‌కు వస్తే, ఆలస్యానికి రెండు గడియారాలు ఉన్నాయి. 1963 లిమిటేషన్ చట్టం ప్రకారం ఇలాంటి బాకీకి సాధారణంగా సొమ్ము రావాల్సిన రోజు నుంచి మూడేళ్లలోపు దావా వేయాలి. ఆర్బిట్రేషన్‌కూ అదే చట్టం వర్తిస్తుంది. మన ఉదాహరణలో ఆ గడువు 2026 ఆగస్టు. పదేపదే రిమైండర్లు రాసినా అది పెరగదు. గడువు తీరకముందే శాఖ బాకీ ఉన్నట్టు సంతకంతో రాసిస్తేనే, 18వ సెక్షన్ కింద, మళ్లీ మూడేళ్లు మొదలవుతాయి. రెండో గడియారం పద్దులది. పూర్తి ఆర్థిక సంవత్సరాలు మూడు దాటినా ఎవరూ అడగని డిపాజిట్లను ప్రజా పనుల ఖాతాల్లో లాప్స్ అయినట్టు చూపి ప్రభుత్వ ఆదాయంలో జమ చేస్తారు. అంతటితో కాంట్రాక్టరు హక్కు పోదు. కానీ అప్పటినుంచి డివిజన్ కార్యాలయం తనంతట తాను చెల్లించలేదు, అసలు జమను రుజువు చేసి అకౌంట్స్ అధికారి మంజూరు తెచ్చుకోవాలి.