వేరుశనగ చెక్కలోని బూజు విషం పాలల్లోకి ఎలా వస్తుంది? పాడి రైతు ఏం చేయాలి?

పాలు తెల్లగా, చిక్కగా ఉండి, వెన్న శాతం బాగానే వచ్చినా వాటిలో అఫ్లాటాక్సిన్ అనే విషం ఉండవచ్చు. దీనికి రంగు, రుచి, వాసన ఉండవు. పాలు కాచినా పోదు. పాలను తోడు వేసినా, విరగ్గొట్టి పన్నీరు చేసినా చాలా భాగం అందులోనే ఉంటుంది. అందుకే దీన్ని పాల దగ్గర కాకుండా దాణా దగ్గరే ఆపాలి.

ఈ విషాన్ని తయారుచేసేది ఆస్పర్జిల్లస్ అనే పసుపుపచ్చ బూజు. వేరుశనగ చెక్క, పత్తి గింజల చెక్క, మొక్కజొన్నల్లో ఇది ఎక్కువగా కనిపిస్తుంది. పశువు తిన్న దాణాలోని అఫ్లాటాక్సిన్ బి1 కాలేయంలో ఎం1గా మారి, రక్తం ద్వారా పొదుగుకు చేరుతుంది. తిన్న ఒక రోజులోపే పాలల్లో కనిపిస్తుంది. ఆ దాణా ఆపేస్తే మూడు నాలుగు రోజుల్లో బాగా తగ్గిపోతుంది.

చెక్కలోనే ఎందుకు ఎక్కువ?

అనంతపురం వంటి మెట్ట ప్రాంతాల్లో కాయ ఊరే దశలో వాన ముఖం చాటేస్తే ఈ బూజు చేలోనే కాయలోకి చేరుతుంది. పగిలిన, పురుగు తొలిచిన, ముడుచుకుపోయిన గింజల్లో విషం ఎక్కువ. మనం మంచి గింజలు అమ్మకానికి, విత్తనానికి ఏరుకుని మిగిలినవి గానుగకు పంపుతాం. గానుగలో విషంలో ఎక్కువ భాగం నూనెలోకి పోకుండా చెక్కలోనే మిగిలిపోతుంది. ఆ చెక్కే ఇంటికి తెచ్చి ఆవుకు పెడతాం. అంటే పొలంలోని చెడ్డ గింజలన్నీ ఏరి ఒక్క పశువుకే పెట్టినట్టు!

ఒక లెక్క చూడండి. మీ ఆవు రోజుకు 8 లీటర్ల పాలిస్తుంది, 1 కిలో చెక్క తింటుంది. ఆ చెక్కలో కిలోకు 200 మైక్రోగ్రాముల విషం ఉంది, మిగతా మేత శుభ్రమైనదే అనుకుందాం. తిన్న విషంలో సాధారణంగా 1 నుంచి 3 శాతం పాలల్లోకి వస్తుంది. 2 శాతం వేసుకుంటే 4 మైక్రోగ్రాములు, అంటే లీటరుకు 0.5. భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ పాలకు పెట్టిన పరిమితి కూడా కిలోకు 0.5 మైక్రోగ్రాములే. ఒక్క కిలో చెక్కే మిమ్మల్ని గీత దగ్గరికి తెచ్చింది. ఎక్కువ పాలిచ్చే పశువుల్లో ఈ శాతం ఇంకా పెరుగుతుంది.

ఆ సంస్థ 2018లో చేసిన పాల సర్వేలో 6,432 నమూనాలకు 368 ఈ పరిమితి దాటాయి.

మీరు చేయగలిగినవి

గానుగకు పంపే ముందు ముడుచుకున్న, రంగు మారిన, మొలకెత్తిన, బూజు పట్టిన గింజలు ఏరేయండి. నూనె కొంత తగ్గుతుంది, కానీ అన్నిటికన్నా ఎక్కువ ఫలితమిచ్చే పని ఇదే. వేరుశనగ కట్టె మేపేటప్పుడు అందులో మిగిలిపోయిన కాయలు దులిపేయండి.

చెక్క కొంటే ముక్కను విరిచి లోపల చూడండి. ముక్కిన వాసన, పచ్చని లేదా నల్లని బూజు ఉంటే తీసుకోవద్దు. అయితే బూజు కనబడకపోతే విషం లేదని కాదు. ఎండబెడితే బూజు పెరగడం ఆగుతుంది గానీ, అప్పటికే పుట్టిన విషం అలాగే ఉంటుంది. పైన దులిపేసి పెట్టినా అంతే.

మొక్కజొన్న తడి చూడటానికి ఒక పొడి గాజు సీసా చాలు. మూడో వంతు గింజలు పోసి, రెండు చెంచాల పొడి ఉప్పు వేసి, మూత పెట్టి రెండు నిమిషాలు ఊపండి. పావుగంట తర్వాత ఉప్పు సీసా గోడలకు అంటుకుంటే తేమ 15 శాతం పైనే ఉంది. ఇంకా ఎండబెట్టాలి. చెక్కకు ఈ పరీక్ష పనిచేయదు.

బస్తాలను నేలపై కాకుండా చెక్క పలకల మీద, గోడకు ఒక అడుగు ఎడంగా పేర్చండి. వానాకాలంలో రెండు వారాలకు సరిపడా మాత్రమే కొనండి. గాటిలో మిగిలిన తడి దాణాను రోజూ తీసేయండి.

విషాన్ని పట్టి ఉంచే మట్టి పొడులు (టాక్సిన్ బైండర్లు) దుకాణాల్లో దొరుకుతాయి. ఇవి పాలల్లోకి వచ్చేదాన్ని కొంత తగ్గిస్తాయి గానీ పూర్తిగా ఆపవు. పశువైద్యుడిని అడిగి, ప్యాకెట్‌పై ఉన్న మోతాదులోనే వాడండి. బూజు చెక్కను ధైర్యంగా మేపడానికి ఇది అనుమతి కాదు.

పాల కేంద్రంలో మీ పాలకు అఫ్లాటాక్సిన్ ఉందని చెబితే ఆ రోజే చెక్క ఆపండి. ఆ స్థానంలో శుభ్రమైన తౌడు, పచ్చిమేత పెంచి, నాలుగైదు రోజుల తర్వాత మళ్లీ పరీక్ష చేయించండి. తగ్గితే కారణం ఆ చెక్కే. తగ్గకపోతే మొక్కజొన్న, పత్తి చెక్కలను ఒక్కొక్కటిగా ఆపి చూడాలి. తీసేసిన చెక్కను కోళ్లకు, బాతులకు వేయకండి. బాతులైతే దీన్ని అసలే తట్టుకోలేవు. ముక్కుకు గుడ్డ కట్టుకుని, గొయ్యి తీసి పూడ్చేయండి.