రిఫ్రిజిరేటర్: వేడిని బయటికి పంపే తీరు

ఫ్రిజ్ చేసే పని లోపలి వేడిని గదిలోకి చేరవేయడం. వేడి తనంతట తాను వేడి చోటి నుంచి చల్లని చోటికే పోతుంది. విజయవాడలో మే నెల మధ్యాహ్నం వంటగది 45 డిగ్రీల సెల్సియస్ ఉంటే, 4 డిగ్రీల అరలోని వేడి దానిలోకి ఊరికే పోదు. అందుకే వేడిని మోసే గ్యాస్ లోపల అరకన్నా చల్లగా, బయట గదికన్నా వేడిగా ఉండాలి.

ఇది ఒత్తిడి వల్ల సాధ్యమవుతుంది. నేటి ఇంటి ఫ్రిజ్‌లలో చాలావాటిలో ఐసోబ్యూటేన్ (R600a) ఉంటుంది. మామూలు వాతావరణ పీడనంలో ఇది దాదాపు మైనస్ 12 డిగ్రీల దగ్గర మరుగుతుంది. ఒత్తిడి తగ్గిస్తే ఇంకా చల్లగా ఉన్నప్పుడే మరుగుతుంది. ఫ్రీజర్ చుట్టూ ఉన్న ఎవాపరేటర్ గొట్టాల్లో అది మైనస్ 20 దగ్గర ఆవిరవుతూ ఆహారంలోని వేడిని లాక్కుంటుంది. ఆ ఆవిరిని కంప్రెసర్ పీల్చి గట్టిగా నొక్కుతుంది. నొక్కుడుకు వేడెక్కిన ఆవిరి కండెన్సర్ గొట్టాల్లో 55 డిగ్రీల దగ్గర ద్రవంగా మారుతూ, తాను మోసుకొచ్చిన వేడిని గదికి వదులుతుంది. తర్వాత సన్నని కేపిలరీ గొట్టం గుండా పోయేసరికి ఒత్తిడి పడిపోయి, ద్రవం మళ్లీ చల్లబడుతుంది.

45 డిగ్రీల దగ్గరున్న లీటరు పాలను 5 డిగ్రీలకు దించాలంటే సుమారు 160 కిలోజౌళ్ల వేడి తీయాలి. అందుకు అర కిలోకు పైగా ఐసోబ్యూటేన్ ఆవిరి కావాలి. చిన్న ఫ్రిజ్‌లో ఉండేది ఏ యాభై గ్రాములో. అంటే ఆ కొంచెం గ్యాసే పది సార్లకు పైగా చుట్టు తిరగాలి. గ్యాస్ ఖర్చయిపోయేది కాదు. ఏటా నింపించాల్సి వస్తోందంటే ఎక్కడో కారుతున్నట్టే.

కండెన్సర్ గదికి ఆహారపు వేడితో పాటు కంప్రెసర్ వాడిన కరెంటు వేడిని కూడా వదలాలి. పాత ఫ్రిజ్‌లకు అది వెనక నల్లని జాలీగా కనిపిస్తుంది. కొత్తవాటిలో ఎక్కువగా పక్క రేకుల లోపల దాగి ఉంటుంది. ఎండాకాలం ఆ రేకులు చెయ్యి పెడితే చురుక్కుమంటాయి. చాలామంది కంగారుపడతారు గానీ అది పని సాగుతోందనడానికి గుర్తు. గోడకు ఆనించి, పక్కన బియ్యం బస్తా పెడితే ఆ వేడి అక్కడే నిలిచిపోతుంది. అప్పుడు గ్యాస్‌ను ఇంకా ఎక్కువ ఒత్తిడికి నొక్కాలి, కంప్రెసర్ ఆగకుండా తిరుగుతుంది, బిల్లు పెరుగుతుంది. ఉష్ణమండల తరగతి 'T' ఫ్రిజ్‌లను 43 డిగ్రీల గది వేడి వరకే రూపొందిస్తారు. బెజవాడ ఎండ ఆ గీత దాటే రోజులున్నాయి. ఆ రోజుల్లో ఖాళీ జాగా మరీ అవసరం.

కంప్రెసర్ గుర్రుమంటూనే ఉండి, రేకులు చల్లగా, ఫ్రీజర్‌లో ఒక మూలే మంచు పడితే గ్యాస్ కారిందని అనుమానించాలి. మంచు అన్ని వైపులా దట్టంగా పేరుకుంటే తప్పు మరోచోట ఉంది: తలుపు రబ్బరు వదులై, డెల్టా ఉక్కపోత గాలిలోని తేమ లోపలికి వస్తోంది. ఆ మంచు పొర ఆహారానికీ ఎవాపరేటర్‌కూ మధ్య అడ్డుగా నిలిచి వేడిని అటు పోనివ్వదు. తలుపు సందులో కాగితం పెట్టి మూసి లాగితే, రబ్బరు వదులైన చోట అది తేలిగ్గా ఊడి వస్తుంది.