స్పాంజ్ నగరం ఎలా పుట్టింది, ఎంత పీల్చగలదు?

చైనాలోని జెజియాంగ్ ప్రావిన్స్‌లో ఒక రైతుబిడ్డ పదేళ్ల వయసులో పొంగుతున్న వాగులో పడిపోయాడు. ఒడ్డున పెరిగిన విల్లో చెట్లు, రెల్లు నీటి వేగాన్ని తగ్గించాయని, వాటిని పట్టుకునే బతికి బయటపడ్డానని ఆయన తర్వాత చెప్పేవారు. ఆయనే యూ కాంగ్‌జియాన్. హార్వర్డ్‌లో చదివి 1997లో స్వదేశం చేరేసరికి, అక్కడి నగరాలు వాగులకు సిమెంటు గోడలు కట్టేస్తున్నాయి. అలా కడితే నీరు మరింత వేగంగా కింది ఊళ్ల మీద పడుతుందని ఆయన వాదించారు.

వాననీటిని పడిన చోటే ఇంకించడం అప్పటికే కొత్త కాదు. 1990ల తొలినాళ్లలో అమెరికాలోని మేరీల్యాండ్‌లో వాన తోటలు మొదలయ్యాయి. రోడ్డు కంటే పల్లంగా మడి తవ్వి, అడుగున కంకర, పైన ఇసుక కలిపిన మట్టి వేసి, తడినీ ఎండనూ తట్టుకునే మొక్కలు నాటుతారు. వాన వెలిసిన రెండు రోజులకూ నీరు నిలిచే ఉంటే మట్టి పూడుకుపోయిందని అర్థం.

యూ ఈ ఆలోచనను నగరమంత చేశారు. హార్బిన్‌లో క్వున్లీ అనే కొత్త పేట కడుతుంటే, మధ్యలోని 34 హెక్టార్ల చిత్తడి నేల నీరందక ఎండిపోసాగింది. ఆయన నడిమి భాగాన్ని ముట్టుకోలేదు. అంచుల వెంట మట్టి తవ్వి గుంటలు చేయించారు. తవ్విన మట్టితోనే దిబ్బలు పోయించారు. చుట్టుపక్కల వీధుల వాననీరు గొట్టాల ద్వారా ముందు ఆ గుంటల్లోకి చేరి, మడ్డి దిగి, తర్వాత చిత్తడి నేలలోకి వెళ్తుంది. వీధులకు ముంపు తగ్గింది, ఎండుతున్న నేలకు నీరందింది.

2012 జూలై 21న బీజింగ్ వరదలో 79 మంది చనిపోయారు. మరుసటి ఏడాది డిసెంబరులో అధ్యక్షుడు షీ జిన్‌పింగ్ ఇలా వాననీటిని పీల్చుకునే స్పాంజ్ నగరాలు కావాలన్నారు. 2014లో మార్గదర్శకాలు వచ్చాయి, 2015లో 16 నగరాల్లో ప్రయోగం మొదలైంది.

అసలు సంగతి ఆ మార్గదర్శకాల లెక్కలోనే ఉంది. ఏడాది మొత్తంలో పడే వానలో ఎంత శాతాన్ని ఆపాలన్నదే లక్ష్యం. బీజింగ్‌లో 80 శాతం ఆపాలంటే రోజుకు సుమారు 27 మిల్లీమీటర్ల వానను పట్టుకుంటే చాలు. ఎందుకంటే ఏడాదిలో ఎక్కువ భాగం చిన్న వానలే. అలాంటి ఏర్పాటు కుంభవృష్టిని ఆపలేదు. 2021 జూలై 20న, స్పాంజ్ పనులు చేపట్టిన జెంగ్జౌలో ఒక్క గంటలో 201.9 మిల్లీమీటర్లు పడింది. మెట్రో రైల్లో చిక్కుకుని 14 మంది చనిపోయారు.

దీన్ని చూసి వాన తోటలు దండగ అనుకోవడం పొరపాటు. మామూలు వానల ముంపును అవి తగ్గిస్తాయి, మురుగు కాలువల మీద భారం దించుతాయి. కుంభవృష్టికి మాత్రం పెద్ద కాలువలు, నీరు పారేందుకు వదిలిన పల్లపు నేలలు, వేళకు మెట్రోను ఆపే అధికారులు కావాలి. ఏ నగరమైనా స్పాంజ్ పథకం ప్రకటిస్తే పౌరులు ముందు అడగాల్సిన ప్రశ్న ఇది: మీరు లెక్కేసింది రోజుకు ఎన్ని మిల్లీమీటర్ల వానకు? అది దాటిన రోజు నీరు ఎటు పోతుంది?